అదే ఫిర్యాదు... నాలుగోసారి!

వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌కు బాగు చేసిన ప్రతిసారీ అదే లోపం తిరిగి వస్తుంటే సర్వీస్ సెంటర్‌కు ఏం రాయాలి, ఎలా రాయాలి? కరీంనగర్, ఆదిలాబాద్ పాఠకుల కోసం ఒక నమూనా ఉత్తరం, దాని వెనుక ఉన్న లెక్క.

కొత్త వస్తువు మూడుసార్లు పాడైతే కంపెనీ దాన్ని మార్చి ఇవ్వాల్సిందేనని మనలో చాలామంది నమ్మకం. మన చట్టంలో అలాంటి మాట ఎక్కడా లేదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోపాన్ని సరిచేయించగలదు, వస్తువును మార్పించగలదు, డబ్బు వాపసు ఇప్పించగలదు, పరిహారం కూడా ఇప్పించగలదు. అయితే ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడకపోతే ఆ హక్కు దానంతట అదే పుడుతుందో చెప్పే అంకె అందులో లేదు.

కొన్ని దేశాల్లో ఆ అంకె ఉంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఒకసారి రిపేరు చేశాక కూడా వస్తువులో లోపం ఉంటే కొన్నవారు దాన్ని తిరస్కరించవచ్చు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే కొత్త కార్ల విషయంలో ఒక లెక్క పెట్టింది. ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు జరిగినా, బండి మొత్తం ముప్పై రోజులు షెడ్డులో ఉన్నా అది పనికిరాని బండి కిందే లెక్క. మన దగ్గర ఈ లెక్కను కొన్నవారే పెట్టుకోవాలి, కాగితం మీద పెట్టుకోవాలి. సర్వీస్ సెంటర్‌కు రాసే ఉత్తరం అసలు పని అదే. కోపం చూపించే ఉత్తరానికీ, లెక్క చూపించే ఉత్తరానికీ వచ్చే ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

సెంటర్ రికార్డులో మీ కథ ఎలా ఉంటుంది?

ల్యాప్‌టాప్ ఇచ్చిన ప్రతిసారీ సెంటర్‌లో కొత్త కేసు నంబరు పడుతుంది. జాబ్ షీట్ మీద కస్టమర్ చెప్పిన సమస్య ఒక గడిలో, ఇంజినీర్ చేసిన పని మరో గడిలో రాస్తారు. కౌంటర్ దగ్గర మీరు ఎంత వివరంగా చెప్పినా ఆ గడిలో పడేది రెండు మూడు ముక్కలే. మొదటిసారి ‘హ్యాంగ్’ అని, రెండోసారి ‘హీటింగ్’ అని, మూడోసారి ‘నో పవర్’ అని రాస్తే, ఒకే లోపం కాగితం మీద మూడు వేర్వేరు లోపాలవుతుంది. ప్రతి కేసూ ‘పరిష్కారమైంది’ అని మూసేస్తారు. వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు కొన్ని చోట్ల ఫోన్‌కు ఓటీపీ పంపి, చెప్పమంటారు. చెప్పామంటే పని సంతృప్తిగా జరిగిందని మనమే ఒప్పుకున్నట్టు నమోదవుతుంది.

ఏడాది తర్వాత కంపెనీ తరఫున ఎవరైనా ఆ ఫైలు తెరిస్తే కనిపించేది ఏమిటి? మూడు వేర్వేరు ఫిర్యాదులు, మూడూ బాగు చేశారు, కస్టమర్ మూడుసార్లూ సంతోషంగా తీసుకెళ్లాడు. అబద్ధమేమీ రాయకుండానే మీ అనుభవం మొత్తం మాయమైపోతుంది. అందుకే జాబ్ షీట్ మీద సంతకం పెట్టేముందు మొదటిసారి చెప్పిన మాటే ప్రతిసారీ అదే మాటగా రాయించాలి. ‘ఇంతకుముందు కేసు నంబరు ఇది, అదే లోపం తిరిగి వచ్చింది’ అన్న వాక్యం కూడా అందులో పడాలి. గడి చాలదంటే అదే షీటు మీద చేత్తో రాసి, ఫొటో తీసుకోవాలి.

ఉట్నూర్ నుంచి కరీంనగర్‌కు

ఇది ఎలా జరుగుతుందో పూర్తిగా చూడటానికి ఒక నమూనా కేసు తీసుకుందాం. ఇందులోని వ్యక్తి, తేదీలు, సంభాషణలు వివరించడం కోసం కూర్చినవి. లోపం తీరు, దాని చుట్టూ జరిగే తతంగం మాత్రం సర్వీస్ సెంటర్లకు తిరిగినవారు ఎవరైనా గుర్తుపట్టేవే.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో ఉండే ఒక డిగ్రీ విద్యార్థిని 2025 జూన్ 14న ₹54,990 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నది. వారంటీ ఏడాది. సెప్టెంబర్ మొదటి వారంలో అది పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. నీలం తెర రాదు, హెచ్చరిక రాదు, బ్యాటరీ సగానికి పైగా ఉన్నట్టే చూపిస్తుంటుంది. ఒక్కసారిగా నల్లబడిపోతుంది. జన్నారం, లక్షెట్టిపేట మీదుగా బస్సులు మారి కరీంనగర్‌లోని అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లింది.

“సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అక్కా. విండోస్ కొత్తగ ఎక్కిచ్చినం, ఇగ ఏం గాదు” అని వారం లోపే ఇచ్చేశారు. అక్టోబర్ చివర్లో మళ్లీ ఆగింది. పత్తి ఏరే కాలం, ఊళ్లలో దుమ్ము, దూది రేణువులు ఎక్కువ. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని వేడెక్కుతోందని చెప్పి, శుభ్రం చేసి, కొత్త థర్మల్ పేస్ట్ వేశారు. నమ్మదగ్గ కారణమే. కానీ జనవరిలో అదే లోపం తిరిగి వచ్చింది.

ఇక్కడే ఒక సూచన ఉంది. రాష్ట్రంలో చలి బాగా ముదిరే ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం అక్కడ మామూలే. ఫ్యాన్ శుభ్రంగా ఉంది, గది చల్లగా ఉంది, అయినా మిషన్ ఆగిపోతోంది. అంటే వేడి అన్న కారణం నిలవదు. ఈ మూడోసారి సెంటర్ మదర్‌బోర్డు మార్చింది. ఫిబ్రవరి 6న ల్యాప్‌టాప్ చేతికొచ్చింది. ఫిబ్రవరి 26న మళ్లీ ఆగింది.

చార్జర్ తీసి చూస్తే

మూడుసార్లూ కౌంటర్ దగ్గర జరిగిన పరీక్ష ఒకటే. చార్జర్ తగిలించి, ఆన్ చేసి, కాసేపు వీడియో నడిపి “మంచిగనే నడుస్తున్నది గదా” అన్నారు. ఆమె ఇంట్లో మాత్రం అది ఆగేది చార్జర్ లేనప్పుడే. కరెంటు పోయినప్పుడో, కాలేజీలోనో బ్యాటరీ మీద పనిచేస్తుంటే, చార్జ్ 50 నుంచి 60 శాతం మధ్య ఉండగా ఆగిపోతుంది. చార్జర్ పెట్టి ఉంచితే గంటలు నడిచినా ఏమీ కాదు. ఈ తేడాను ఎవరూ అడగలేదు, ఆమె కూడా విడిగా చెప్పలేదు. అందుకే సెంటర్‌లో లోపం ఎన్నడూ కనిపించలేదు.

ల్యాప్‌టాప్ బ్యాటరీ ప్యాక్ లోపల సాధారణంగా రెండు నుంచి నాలుగు దాకా సెల్స్ వరుసగా ఉంటాయి. వాటిలో ఒకటి బలహీనపడితే దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. తేలికపాటి పనికి కరెంటు కొద్దిగానే లాగుతుంది కాబట్టి ఏమీ తెలియదు. వీడియో కాల్ మొదలుపెట్టినా, పెద్ద ఫైలు తెరిచినా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. అప్పుడు ఆ సెల్ వోల్టేజి జారిపోతుంది. ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ దాన్ని ప్రమాదంగా గుర్తించి వెంటనే సరఫరా కోసేస్తుంది. తెర మీద కనిపించే శాతం లెక్కకట్టిన అంచనా మాత్రమే, అది ఈ జారుడును పట్టుకోలేదు. చలిలో లిథియం అయాన్ సెల్స్ నిరోధం ఇంకా పెరుగుతుంది కాబట్టి జనవరి చలిలో లోపం బయటపడటం ఈ వివరణకు సరిగ్గా సరిపోతుంది.

బ్యాటరీ పరీక్షలో ‘పాస్’ వచ్చింది కదా అని సెంటర్ అనవచ్చు. మామూలు పరీక్ష ఎక్కువగా చూసేది మొత్తం సామర్థ్యం ఎంత మిగిలిందన్నదే. సామర్థ్యం బాగానే ఉండి, ఎక్కువ కరెంటు లాగినప్పుడు మాత్రం కూలిపోయే ప్యాక్‌లు ఉంటాయి. తేల్చుకోవడానికి తేలికైన దారి, అదే మోడల్‌కు చెందిన మంచి బ్యాటరీని పెట్టి, చార్జర్ లేకుండా ఎక్కువ పని ఇచ్చి నడిపి చూడటం. అప్పుడు ఆగకపోతే లోపం పాత బ్యాటరీదే. అప్పుడూ ఆగితే బ్యాటరీని బోర్డుకు కలిపే కనెక్టర్‌ను, ఇప్పటిదాకా మార్చని ఇతర భాగాలను చూడాలి.

ఒక జాగ్రత్త. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటప్పుడు ఏ పరీక్షలూ చేయకుండా, చార్జ్ పెట్టకుండా, ఆపేసి నేరుగా సెంటర్‌కు ఇవ్వాలి.

సాక్ష్యం చెరిగిపోకముందే

విండోస్ ప్రతి ఆకస్మిక ఆగుడునూ తన చిట్టాలో రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లోని System విభాగంలో Kernel-Power పేరుతో Event ID 41 అని ఉండే పద్దు అర్థం, కంప్యూటర్ సరైన పద్ధతిలో మూసుకోకుండానే మళ్లీ మొదలైందని. ఆ పద్దు వివరాల్లో BugcheckCode విలువ 0 అని ఉంటే విండోస్ తనంతట తాను క్రాష్ అయినట్టు నమోదు కాలేదని అర్థం. సరఫరా తెగిపోవడం అందుకు ఒక ముఖ్యమైన కారణం. దీనికి ఒక హద్దుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా ఇదే పద్దు పడుతుంది. కాబట్టి ఈ చిట్టా కారణాన్ని నిరూపించదు. ఎప్పుడెప్పుడు ఆగిందో తేదీ, సమయంతో సహా చెబుతుంది, అంతే. మన ఉత్తరానికి కావలసిందీ అదే.

విండోస్‌ను కొత్తగా ఎక్కించిన రోజున ఈ చిట్టా మొత్తం చెరిగిపోతుంది. మన విద్యార్థిని విషయంలో మొదటి రిపేరులోనే అది జరిగింది. మిషన్ చేతికిచ్చే ముందు ఆ చిట్టాను కాపీ చేసుకుంటే ఆ నష్టం ఉండదు. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పెన్ డ్రైవ్ పెట్టి, దాని అక్షరం E అయితే ఇలా టైప్ చేయాలి:

```
wevtutil epl System E:\system.evtx
powercfg /batteryreport /output E:\battery.html
```

మొదటి వరుస చిట్టాను దాచిపెడుతుంది. రెండోది బ్యాటరీ తయారీ సామర్థ్యాన్ని, ఇప్పుడు నిండా చార్జ్ అయితే పట్టే సామర్థ్యాన్ని, ఈ మధ్య బ్యాటరీ మీద ఎప్పుడు నడిచిందో చూపే నివేదికను ఇస్తుంది. వీటితోపాటు మరొకరి ఫోన్‌తో ఒక వీడియో తీయించాలి. అందులో చార్జర్ తీసి ఉన్నట్టు, తెర మీద శాతం, గడియారం, ఆ తర్వాత మిషన్ ఆగిపోవడం మధ్యలో కోత లేకుండా కనిపించాలి. మీ సొంత ఫైళ్లను కూడా అప్పుడే వేరేచోట దాచుకోండి. డేటా పోతే బాధ్యత తమది కాదని వారంటీ పత్రాలు సాధారణంగా ముందే చెబుతాయి.

ఆ ఉత్తరం

నాలుగోసారి ల్యాప్‌టాప్‌తో పాటు కౌంటర్‌లో ఇవ్వాల్సిన ఉత్తరం ఇలా ఉంటే చాలు. ఖాళీ చోట్ల మీ వివరాలు నింపుకోండి.

ఉట్నూర్, 2-3-2026

మేనేజర్ గారికి,
అధీకృత సర్వీస్ సెంటర్, కరీంనగర్.

విషయం: వారంటీ కాలంలో ఒకే లోపం నాలుగోసారి తిరిగి రావడం గురించి. మోడల్ ......, సీరియల్ నంబరు ......, బిల్లు నంబరు ......, తేదీ 14-6-2025.

అయ్యా,

పై ల్యాప్‌టాప్‌ను నేను ₹54,990కి కొన్నాను. దీని వారంటీ 13-6-2026 వరకు ఉంది. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు, చార్జ్ 50 నుంచి 60 శాతం మధ్య ఉండగా, ఏ హెచ్చరికా లేకుండా ఇది పూర్తిగా ఆగిపోతోంది. చార్జర్ తగిలించి ఉన్నప్పుడు ఆగడం లేదు. ఈ ఒక్క లోపానికే ఇప్పటిదాకా మీరు మూడుసార్లు రిపేరు చేశారు.

మొదటిసారి: 9-9-2025న ఇచ్చాను, 15-9-2025న తీసుకున్నాను. కేసు నంబరు ....... విండోస్ తిరిగి ఎక్కించారు.

రెండోసారి: 27-10-2025న ఇచ్చాను, 3-11-2025న తీసుకున్నాను. కేసు నంబరు ....... ఫ్యాన్ శుభ్రం చేసి థర్మల్ పేస్ట్ మార్చారు.

మూడోసారి: 19-1-2026న ఇచ్చాను, 6-2-2026న తీసుకున్నాను. కేసు నంబరు ....... మదర్‌బోర్డు మార్చారు.

ఈ మూడు రిపేర్లకు ల్యాప్‌టాప్ మొత్తం 31 రోజులు మీ దగ్గరే ఉంది. మదర్‌బోర్డు మార్చాక 26-2-2026, 1-3-2026 తేదీల్లో అదే లోపం మళ్లీ వచ్చింది. ఆ రెండు తేదీల విండోస్ చిట్టా, బ్యాటరీ నివేదిక, మార్చి 1న తీసిన వీడియో పెన్ డ్రైవ్‌లో జతపరుస్తున్నాను. ల్యాప్‌టాప్ కింద పడలేదు, తడవలేదు, మీ సెంటర్ బయట ఎవరూ దీన్ని విప్పలేదు. ఈ రోజు దాని స్థితి చూపే ఫొటోలు కూడా జతచేశాను.

నా అభ్యర్థనలు ఇవి:

1. లోపాన్ని చార్జర్ లేకుండా, బ్యాటరీ మీద, ఎక్కువ పని ఇచ్చి పరీక్షించండి. ఇప్పటిదాకా మార్చని బ్యాటరీని, దాని కనెక్టర్‌ను మంచి భాగాలతో మార్చి చూడండి.

2. లోపానికి మూలకారణం ఏమిటో, ఏ పరీక్షతో తేలిందో రాతపూర్వకంగా ఇవ్వండి.

3. లోపమున్న భాగాన్ని కొత్త భాగంతో ఉచితంగా మార్చి, ల్యాప్‌టాప్‌ను నా ముందు అరగంట పాటు బ్యాటరీ మీద నడిపి చూపించి ఇవ్వండి.

4. మీ దగ్గర ఉన్న 31 రోజులను, ఈసారి పట్టే రోజులను వారంటీకి కలపండి.

5. ఈ రిపేరు తర్వాత కూడా ఇదే లోపం వస్తే ల్యాప్‌టాప్‌ను మార్చి కొత్తది ఇవ్వండి, లేదా ధర వాపసు చేయండి.

17-3-2026 లోగా దీనికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఆదిలాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
(సంతకం, చిరునామా, ఫోన్)

ప్రతులు: కంపెనీ వినియోగదారుల విభాగానికి, నాకు ల్యాప్‌టాప్ అమ్మిన దుకాణానికి.

ఏ మాట ఎందుకు?

ఈ ఉత్తరంలో లోపం గురించి చెప్పింది మూడే విషయాలు. ఎప్పుడు ఆగుతుంది, ఎలా ఆగుతుంది, ఎప్పుడు ఆగదు. మూడో విషయమే అన్నిటికన్నా విలువైనది, మెకానిక్ ఎక్కడ వెతకాలో అది చెబుతుంది. ‘బ్యాటరీ పాడైంది’ అని మాత్రం ఎక్కడా తీర్పు ఇవ్వలేదు. కారణం మనం తేల్చేసి, అది తప్పని తేలితే ఉత్తరం మొత్తం బలహీనపడుతుంది. చూసింది చెప్పి, ఏ పరీక్ష చేయాలో అడిగితే కారణం తేల్చే బరువు వారిమీదే ఉంటుంది.

31 రోజుల అంకె కూడా ఊరికే లేదు. సెప్టెంబర్‌లో 6, అక్టోబర్ చివర 7, జనవరి, ఫిబ్రవరి కలిపి 18. ఏడాది వారంటీకి డబ్బు కట్టిన మనిషికి అందులో నెల రోజులు వస్తువు చేతిలో లేదు. మార్చిన భాగానికి మిగిలిన వారంటీ, లేదా ఒక నిర్ణీత కాలం, ఏది ఎక్కువైతే అది వర్తిస్తుందని చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది. మొత్తం మిషన్‌కు మాత్రం ఆ రోజులు కలుస్తాయని సాధారణంగా ఉండదు. అందుకే విడిగా అడగాలి. బ్యాటరీకి ప్రత్యేక వారంటీ కాలం ఉందేమో కూడా పత్రంలో చూసుకోవాలి.

‘పడలేదు, తడవలేదు, బయట విప్పలేదు’ అన్న వాక్యం, ఆ రోజు ఫొటోలు రేపటి వాదనను ఇవాళే ఆపుతాయి. కస్టమర్ వల్ల జరిగిన నష్టమని చెబితే వారంటీ అక్కడితో తెగిపోతుంది. అందుకే వస్తువు ఇచ్చేటప్పుడే జాబ్ షీట్ మీద ‘బయటికి కనిపించే దెబ్బలు లేవు’ అని రాయించాలి. ఆ వాక్యం నిజమైతేనే ఉత్తరంలో రాయాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌ను చివరి కోరికగా పెట్టడానికీ కారణం ఉంది. 2006లో మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. కొత్త కారు క్లచ్‌లో లోపం ఉంది. కారునే మార్చి ఇవ్వాలన్న కింది వేదికల ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టలేదు. వారంటీ షరతులు లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమై ఉన్నాయి కాబట్టి మొత్తం వస్తువును మార్చమనడం కుదరదన్నది అందులోని సారం. కంపెనీల లాయర్లు ఇప్పటికీ ఎత్తిచూపే తీర్పు ఇది. మొదటి ఉత్తరంలోనే ‘కొత్తది ఇస్తారా, కోర్టుకు రమ్మంటారా’ అని రాస్తే ఆ వాదనకు మనమే చోటిచ్చినట్టు. భాగం మార్చే అవకాశం ఇచ్చాం, సరైన పరీక్ష అడిగాం, అయినా బాగు చేయలేకపోయారు అన్న క్రమం కాగితం మీద ఉంటే, వస్తువు మార్పిడికో వాపసుకో అడిగే బలం అక్కడి నుంచి వస్తుంది.

ఎవరికి పంపాలి? ఎలా పంపాలి?

ఉత్తరాన్ని కౌంటర్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర, సంతకం తీసుకోవాలి. ఇవ్వకపోతే అక్కడ గొడవ పడనక్కర్లేదు. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగ్ కాగితం దాచుకుంటే చాలు. ఈ-మెయిల్ కూడా పంపండి.

సెంటర్ మేనేజర్‌కు మదర్‌బోర్డు తెప్పించే అధికారం ఉండొచ్చు, వస్తువు మార్చే అధికారం సాధారణంగా ఉండదు. ఆ నిర్ణయం కంపెనీది. అందుకే ఉత్తరం నకలు కంపెనీకి కూడా వెళ్లాలి. ఆ చిరునామా కోసం వెతుక్కోనక్కర్లేదు, ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టె మీదే ఉంటుంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, చిరునామా, ఫోన్, ఈ-మెయిల్ ప్యాకేజీ మీద ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. వారంటీ ముగిసేదాకా పెట్టె పారేయకూడదనడానికి ఇదొక కారణం.

ఆన్‌లైన్‌లో కొన్నవారికి ఇంకో తలుపు ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ‘మేం అమ్మినవాళ్లమే, కంపెనీని అడగండి’ అనే జవాబు వచ్చినా ఆ జవాబునే దాచుకోండి.

జవాబు రాకపోతే

గడువు దాటితే మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు. వారు ఫిర్యాదును కంపెనీకి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. కంపెనీని ఆదేశించే అధికారం వారికి లేదు. అయినా సెంటర్‌లో పట్టించుకోని విషయం కంపెనీలో పైస్థాయి అధికారి బల్ల మీదకు చేరే మార్గం ఇది, ఫిర్యాదు నంబరు మరో సాక్ష్యం కూడా.

తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ కమిషన్లు ఉన్నాయి. పాత చట్టం కింద ఎదుటి పక్షం ఎక్కడుంది, వివాదం ఎక్కడ పుట్టింది అన్నది చూసేవారు. 2019 చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కూడా కేసు వేసే హక్కు ఇచ్చింది. కంపెనీ కార్యాలయం బెంగళూరులో ఉన్నా, సర్వీస్ సెంటర్ కరీంనగర్‌లో ఉన్నా, ఉట్నూర్ విద్యార్థిని ఆదిలాబాద్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ₹5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు. లాయర్ తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు.

ల్యాప్‌టాప్‌తో చిన్న స్టూడియోనో, డీటీపీ పనో చేసుకునేవారిని ‘వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కాదు’ అని అనవచ్చు. పూర్తిగా స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి సొంతంగా వాడుకునే వస్తువు ఆ మినహాయింపు కిందికి రాదని చట్టమే చెబుతోంది. ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

కమిషన్ నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజులు దొరుకుతాయి. చూడగానే తేలని లోపమైతే వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపవచ్చు. ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాల్సి రావచ్చు. పరీక్ష లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉన్నది అయిదు నెలల్లో తేల్చాలని చట్టం ఆశించింది. వాస్తవంలో ఈ గడువులు తరచూ దాటిపోతాయి. వస్తువులో తయారీ లోపమే ఉందని నిరూపించే భారం కూడా మామూలుగా ఫిర్యాదుదారు మీదే ఉంటుంది. అందుకే ప్రయోగశాల కన్నా ముందే చేతిలో ఉండాల్సింది జాబ్ షీట్లు. ఒకే లోపానికి మూడుసార్లు వేర్వేరు రిపేర్లు చేశారని సెంటర్ సొంత కాగితాలే చెబితే, లోపమే లేదనడం కంపెనీకి కష్టమవుతుంది.

ఒక గడువు మాత్రం మనది. వివాదం పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలని 69వ సెక్షన్ అంటుంది. సెంటర్‌తో ఉత్తరాలు నడుస్తున్నాయి కాబట్టి గడువు ఆగి ఉంటుందని అనుకోవద్దు. మెయిళ్లు రాసుకుంటూ పోవడం వల్ల కాలపరిమితి పెరగదు. మన నమూనా కేసులో జాగ్రత్తపడాలంటే మొదటిసారి ఇచ్చిన 9-9-2025 నుంచే లెక్కపెట్టి, 2027 సెప్టెంబర్ 8 దాటకుండా చూసుకోవాలి.

వారంటీ అన్నది కంపెనీ మనకు రాసిచ్చిన మాట. ఆ మాట ఎన్నిసార్లు తప్పిందో మన దగ్గర కాగితం ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌కు ఒకే లోపం రెండోసారి వచ్చిందా? మూడోసారి దాకా ఆగకండి. పాత జాబ్ షీట్లన్నీ తీసి తేదీల వారీగా పేర్చి, ఎప్పుడు ఆగుతోందో, ఎప్పుడు ఆగడం లేదో రాసి, ఈ వారమే ఉత్తరం ఇవ్వండి. ముద్ర పడిన ఒక ప్రతి మాత్రం తప్పకుండా మీ దగ్గర ఉంచుకోండి.